మూడో గడి

ఫిల్మ్‌నగర్‌లో ఇప్పుడు ఎవరి పరిచయ వ్యాసమైనా ఒక్క సాయంత్రంలో తయారైపోతోంది. "గురువుగారూ, ఆదివారం సన్మానం ఉంది, ఓ బయో కొట్టి పంపండి, బ్రోచర్ ప్రింటుకి వెళ్లిపోవాలి" అని మెసేజ్ వస్తుంది. ఎవరికయ్యా, ఆయన ఏం పని చేశాడు అని అడిగితే "సీనియర్ కో-డైరెక్టర్ సార్, మీకు తెలియనిదేముంది" అంటారు. రెండు రోజులు టైమివ్వు, వెళ్లి కూర్చుని అడిగొస్తానంటే అవతల మౌనం. కాసేపటికి వాళ్లే ఏదో తయారుచేసుకుంటారు. "సుదీర్ఘ సినీ ప్రస్థానం", "బహుముఖ ప్రజ్ఞాశాలి", "ఎన్నో విజయవంతమైన చిత్రాలు", "పలు అవార్డులు, రివార్డులు". ఆ పేరు తీసి కృష్ణానగర్‌లో ఇంకెవరి పేరు పెట్టినా సరిగ్గా సరిపోతుంది. నలభై ఏళ్లు ఒక మనిషి ఎండలో నిలబడి చేసిన పని అందులో ఒక్క ముక్క ఉండదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మా రోజుల్లో, అంటే పరిశ్రమ ఇంకా మద్రాసులో ఉన్నప్పుడు, సినిమా పత్రికలో ఒకరి పరిచయం రాయాలంటే ముందు రాయడం ఉండేది కాదు. ముందు పోగుచేయడం ఉండేది. లాంగ్ నోటుబుక్కులో స్కేలు పెట్టి నిలువుగా రెండు గీతలు గీసేవాళ్లం. మొదటి గడిలో చేసిన పని. రెండో గడిలో ఆ పనిలో సాధించింది. మూడో గడిలో ఆధారం. వడపళనిలోనో, కోడంబాకంలోనో ఆ మనిషి ఇంటికి వెళ్లి ఆ గడులు నింపుకొచ్చేవాళ్లం. ఎడిటరు మన వాక్యాలు చదివేవాడు కాదు, ముందు మూడో గడి చూసేవాడు. అది ఖాళీగా ఉన్న వరసకి ఎదురుగా ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాడు. సున్నా పడ్డ వరస వ్యాసంలోకి వచ్చేది కాదు, ఆ మనిషి ఎంత పెద్దవాడైనా సరే.

ఇప్పటి కుర్రాళ్లకి నేను చెప్పేదీ అదే. బయో ఎలా రాయాలో నేర్చుకోవడం తర్వాతి మాట. ఆ కాగితం నింపడం వస్తే రాయడం గంట పని. అది నింపకుండా కూర్చుంటే విశేషణాలే దిక్కు.

ఈమధ్య ఒక పెద్దాయన కోసం ఆ కాగితం మళ్లీ గీశాను. పేరు చెప్పను, ఆయనకి ఇష్టం ఉండదు. డెబ్బై దాటిన కో-డైరెక్టర్. ఇందిరానగర్ వైపు చిన్న ఫ్లాటులో ఉంటారు. ఓ సంఘం వాళ్లు సన్మానం పెట్టుకున్నారు. వాళ్లు రాసుకొచ్చిన కాగితంలో "60కి పైగా చిత్రాలకు కో-డైరెక్టర్‌గా పనిచేసి ఎన్నో శతదినోత్సవాలు చూసిన ఘనుడు" అని ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని మూడు గడుల్లోకి విడగొట్టి చూస్తే ఏమవుతుందో చెబుతాను.

మొదటి గడి, చేసిన పని. దర్శకత్వ శాఖలో మెట్లున్నాయి. క్లాప్ కొట్టే కుర్రాడు, అసిస్టెంటు, అసోసియేట్, ఆపైన కో-డైరెక్టర్. బయటివాళ్లకి అంతా "అసిస్టెంటు డైరెక్టరే" కావచ్చు కానీ పరిశ్రమలో ఒక్కో మెట్టు ఎక్కడానికి ఏళ్లు పడతాయి. కాబట్టి "ఏ సినిమాలకి పనిచేశారు" అని అడిగితే సరిపోదు. ఒక్కో సినిమాకి ఏ మెట్టు మీద ఉన్నారో అడగాలి. అడిగి రాసుకుని అక్కడితో వదిలేయకూడదు. టైటిల్స్ చూడాలి.

ఈ విషయంలో మాత్రం ఈ రోజులే నయం, ఒప్పుకుంటాను. అప్పట్లో టైటిల్ కార్డు చూడాలంటే ఏ మార్నింగ్ షోకో వెళ్లి, మొదటి మూడు నిమిషాల్లో చీకట్లో పేర్లు గీక్కోవాలి. ఇప్పుడు ఫోనులో పాత సినిమా పెట్టి, ఆపి, వేలితో పెద్దది చేసి చదువుకోవచ్చు. అంత సౌకర్యం ఉండి కూడా చూడరేం? అదే నా బాధ. ఒకటి మాత్రం జాగ్రత్త. టీవీ కోసం కత్తిరించిన కాపీల్లో టైటిల్స్ సగమే ఉంటాయి. నిర్మాత, దర్శకుడి పేర్లు వేసి కథలోకి దూకేస్తారు. అలాంటి కాపీలో పేరు కనబడలేదని ఆయన పనిచేయలేదనుకోకూడదు. అప్పుడు పాటల పుస్తకం వెతకాలి. థియేటరు బయట అమ్మేవాళ్లే, ఆ పలచటి పుస్తకంలో లోపలి అట్ట మీద సాంకేతిక నిపుణుల పేర్లు వరసగా ఉండేవి. దానికీ ఒక పరిమితి ఉంది. అది విడుదలకి ముందే అచ్చయ్యేది. చివరి నిమిషంలో మారిన పేర్లు, సినిమాలో ఎగిరిపోయిన పాటలు అందులో అలాగే మిగిలిపోయేవి. టైటిల్ కార్డుకీ పాటల పుస్తకానికీ తేడా వస్తే నేను టైటిల్ కార్డు మాటే నమ్ముతాను.

ఇంటర్నెట్టులో జాబితాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మొదట తిరగేయడానికి పనికొస్తాయి. కానీ మన తెలుగు పేర్లు ఇంటిపేరు పొట్టి అక్షరంలో దాక్కుని ఉంటాయి. ఒకే పేరున్న ఇద్దరు ముగ్గురి సినిమాలు ఒకరి ఖాతాలో కలిసిపోతాయి. కనిపెట్టడానికి ఒక సులువుంది. పుట్టిన ఏడాది, మద్రాసు రైలెక్కిన ఏడాది పక్కన పెట్టుకుని జాబితా చదవండి. ఈ పెద్దాయన జాబితాలో ఆయన ఆరో తరగతి చదువుతున్న ఏడాది సినిమా ఒకటి ఉంది. అదే పేరున్న ఇంకొకాయనది. ఆయన వెంట మరో నాలుగు సినిమాలు కూడా వచ్చి చేరాయి. వాటినీ తీసేశాం.

అలా ఒక్కోటి చూసుకుంటూ వెళితే మొదటి గడి ఇలా తేలింది. క్లాప్, అసిస్టెంటు స్థాయిలో 11. అసోసియేట్‌గా 13. కో-డైరెక్టర్‌గా 19. మొత్తం 43 సినిమాల్లో పేరు కళ్లారా చూశాం. ఇవికాక మధ్యలో ఆగిపోయినవి, పూర్తయినా విడుదల కానివి ఐదు. మిగతావి ఆ వేరే ఆయన సినిమాలు, స్నేహితుడికి బాగోలేక నాలుగు రోజులు వెళ్లి సాయం చేసినవి. ఇవన్నీ కలిపితేనే "60కి పైగా". పెద్దాయన ముఖం కొంచెం చిన్నబోయింది. "తగ్గించేశావేమయ్యా" అన్నారు. తగ్గించలేదండీ, 19 సినిమాలకి కో-డైరెక్టర్ అంటే ఏమిటో పరిశ్రమలో తెలిసినవాడు లేచి నిలబడతాడు, 60 అంటే ఎవరూ లెక్కే వేయరు అన్నాను. ఆ మాట నిజంగా నమ్మే అన్నాను.

సంఖ్య చిన్నదైతే పరువు తక్కువ అనుకునేవాళ్లు పి. సుశీలగారి సంగతి చూడాలి. ఆవిడ పాటలు పాతిక వేలని, ముప్ఫై వేలని, ఇంకా పైనేనని నోటికొచ్చినట్టు చెప్పుకునేవాళ్లు. 2016లో గిన్నిస్ వాళ్లు గుర్తించిన సంఖ్య 17,695. దాని పక్కనే హద్దులు కూడా ఉన్నాయి. 1960ల నుంచి పాడినవి, సోలోలు, యుగళగీతాలు, కోరస్‌తో పాడినవి, ఆరుకి పైగా భారతీయ భాషల్లో. సుశీలగారు పాడటం మొదలుపెట్టింది 1950ల మొదట్లో. 'మిస్సమ్మ' 1955 నాటిది. అంటే ఆ తొలి దశాబ్దం ఈ లెక్కలో లేదు. అయినా సరే, ఈ రోజు ఆవిడ గురించి ఎవరు ఏం రాసినా 17,695 అనే రాయాలి, ఎప్పటి నుంచో కూడా రాయాలి. ఆ సంఖ్య వెనక పట్టిక ఉంది, ఊహ లేదు. ముప్ఫై వేలు అనే మాటని ఎవరైనా కొట్టిపారేయగలరు, దీన్ని కొట్టిపారేయలేరు. ఫిల్మ్‌నగర్‌లో బయో రాసే ప్రతివాడూ సంఖ్య రాసేముందు దేన్ని లెక్కపెట్టాం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని ఆ గడిలోనే రాసుకోవాలి.

ఇక రెండో గడి. అందరూ తడబడేది ఇక్కడే. సినిమా సాధించింది వేరు, మనిషి సాధించింది వేరు. "ఎన్నో శతదినోత్సవాలు చూసిన ఘనుడు" అంటే అర్థమేమిటి? వంద రోజులు ఆడింది సినిమా. షీల్డు యూనిట్‌లో అందరికీ ఇచ్చారు, ప్రొడక్షన్‌లో టీ అందించిన కుర్రాడికి కూడా ఇచ్చారు, ఇవ్వాలి కూడా. పెద్దాయన షోకేసులో షీల్డులు దుమ్ము పట్టి వరసగా ఉన్నాయి. అవి మొదటి గడికి సాక్ష్యం, అంటే ఆ సినిమాకి పనిచేశారని చెబుతాయి. రెండో గడికి కావు.

అసలు ఆ వంద రోజుల లెక్కలోనే తిరకాసుంది. అప్పటి పత్రికా ప్రకటనలు తీసి చూడండి. కొన్ని కేంద్రాల పేర్లు పెద్దక్షరాల్లో, కొన్ని చిన్నక్షరాల్లో ఉంటాయి. ఒకే థియేటర్లో రోజుకి మామూలు ఆటలతో ఆడితే డైరెక్టు వంద రోజులు. ఒక థియేటర్లో తీసి ఇంకోదాంట్లో వేసి, రోజులు కలుపుకుంటే షిఫ్టింగ్. ఎక్కడో రోజుకో ఆట వేసి లాగినవి కూడా ఉంటాయి. "50 కేంద్రాల్లో వంద రోజులు" అని బయోలో రాసేవాడు ప్రకటన కాగితం తెచ్చి అందులో డైరెక్టు ఎన్నో, షిఫ్టింగ్ ఎన్నో విడదీసి చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ వాక్యం వదిలేయాలి.

మనిషి సాధించింది బయటికి రావాలంటే అడిగే పద్ధతి తెలియాలి. "మీ విజయాలేమిటండీ" అని అడిగితే ఏ పెద్దమనిషీ చెప్పడు. సిగ్గుపడతాడు, లేదా హీరోగారి గొప్పతనం చెప్పడం మొదలెడతాడు. మా ఎడిటరు మాకు నేర్పిన ప్రశ్నలు వేరు. ఆ రోజు మీరు సెట్‌కి రాకపోతే ఏది ఆగిపోయేది? షెడ్యూలు ఎన్ని రోజులకి వేశారు, ఎన్ని రోజుల్లో అయింది? ఎంతమంది జనం? ఏ ఇబ్బంది వచ్చింది, ఏం చేశారు? ఇలా అడిగితే మనిషి మెల్లగా ఆ లొకేషనుకి వెళ్లిపోతాడు. చేతులు కదులుతాయి, కెమెరా ఎక్కడుందో చూపిస్తాడు. అప్పుడు రాసుకోవాలి.

పెద్దాయన అలా చెప్పిందే, జాతర క్లైమాక్స్. రాత్రి సీను. 300 మంది జూనియర్ ఆర్టిస్టులు. ఆరు రాత్రులకి షెడ్యూలు వేశారు. కథ వరసలో తీస్తే ఒక షాట్ గుడివైపు, తర్వాతిది జనంవైపు, మళ్లీ గుడివైపు. కెమెరా తిరిగిన ప్రతిసారీ లైట్లన్నీ అటు నుంచి ఇటు మార్చాలి. రాత్రి సగం అందులోనే పోతుంది. ఈయన కూర్చుని షాట్లన్నీ రెండు భాగాలు చేశారు. గుడివైపు చూసే ఫ్రేములన్నీ మొదటి రెండు రాత్రులు. లైటింగ్ ఒక్కసారి మార్చి, ఎదురుగా చూసే ఫ్రేములన్నీ తర్వాతి రెండు రాత్రులు. ఇలా తీస్తే జనం ఒక్కో రాత్రి ఒక్కో చోట నిలబడి కంటిన్యుటీ చెడుతుంది కదా. అందుకని 300 మందిని పది గుంపులు చేసి, ఒక్కో గుంపుకి తలగుడ్డ రంగు ఒకటి ఇచ్చి, ఏ రంగు ఎక్కడ నిలబడాలో నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నారు. నాలుగు రాత్రుల్లో అయిపోయింది.

చూశారా, "సమర్థుడైన కో-డైరెక్టర్" అనే మాట ఇక అక్కర్లేదు.

కానీ ఇంకా రాయకూడదు, మూడో గడి ఉంది. ఇది ఆయన చెప్పిన కథ మాత్రమే. ఆధారమేది? అటక మీద ట్రంకు పెట్టె దింపించాను. అందులో కంటిన్యుటీ నోటుబుక్కులు ఉన్నాయి. ఆ తరం అసిస్టెంట్లందరికీ ఆ అలవాటు ఉండేది. సీను నంబరు, షాట్ నంబరు, ఏ టేకు ఓకే, ఎవరి ఒంటి మీద ఏ చీర, ఏ చేతికి కట్టు, తేదీతో సహా. జాతర సీను షాట్లు నాలుగు వరస తేదీల మీదే ఉన్నాయి, రంగుల బొమ్మతో సహా. ఆరు రాత్రులని వేసిన షెడ్యూలు కాగితం అదే పుస్తకంలో మడతపెట్టి ఉంది. జూనియర్ ఆర్టిస్టులకి డబ్బు చెల్లించిన వోచర్ల నకళ్లు ఆ సినిమా ప్రొడక్షన్ మేనేజరుగారి దగ్గర ఉన్నాయని తెలిసి అడిగితే, నాలుగు రాత్రులకే డబ్బు పడింది. మూడు కాగితాలు, మూడు వేర్వేరు అవసరాలకి, ముగ్గురు రాసినవి, ఒకే మాట చెబుతున్నాయి. ఆ వరసకి టిక్కు పెట్టాను.

కాగితం మీద ఆ వరస ఇలా ఉంది.

చేసిన పని: కో-డైరెక్టర్, జాతర క్లైమాక్స్ చిత్రీకరణ ప్రణాళిక.
సాధించింది: 300 మందితో ఆరు రాత్రుల పని నాలుగు రాత్రుల్లో.
ఆధారం: కంటిన్యుటీ పుస్తకం, షెడ్యూలు కాగితం, వోచర్లు. చూశాను.

అన్ని వరసలూ ఇంత బాగా నిలబడవు. దర్శకుడికి జ్వరం వస్తే ఒక పాట తానే తీశానని చెప్పారు. బాగా పేరున్న పాట. సంఘం కుర్రాడు ఎగిరి గంతేసి "ఇది మంచి ఎలివేషన్ సార్" అన్నాడు. ఆధారం చూస్తే ఆయన చేతిరాతలో కంటిన్యుటీ ఉంది, కానీ ఆ రాత ఆయన రోజూ రాసేదే, దర్శకత్వం చేసినట్టు అది చెప్పదు. ఆ సినిమా కెమెరామన్‌గారికి ఫోన్ చేశాం. "అవును, రెండు రోజులు ఆయనే నడిపారు. మూడో రోజు డైరెక్టరుగారు వచ్చేశారు" అన్నారు. అంటే సగం టిక్కు. "పాట తీశారు" అనకూడదు. "దర్శకుడి అస్వస్థత వల్ల రెండు రోజుల చిత్రీకరణ నడిపారు" అనవచ్చు. కాగితంలో మూడో గడిలో "కెమెరామన్ ఫోనులో చెప్పింది" అని తేదీ వేశాను. ఎవరు చెప్పారో రాసుకోకపోతే ఏడాది తర్వాత అది కూడా గాలికబురే.

ఫొటోల గురించి ఒక మాట. ఈ తరానికి ఫొటో కనబడితే చాలు, అదే రుజువు. పెద్ద హీరో పక్కన నిలబడ్డ స్టిల్లు ఉంటే "ఆయనతో సన్నిహిత అనుబంధం" అని రాసేస్తారు. ఆ ఫొటో చెప్పేది ఒక్కటే, ఆ రోజు ఆ ఇద్దరూ అక్కడ ఉన్నారని. వర్కింగ్ స్టిల్లు అయితే కొంచెం నయం. చేతిలో ప్యాడ్ ఉందా, కెమెరా పక్కన ఉన్నాడా, వెనక క్లాప్ బోర్డు మీద సీను నంబరు కనబడుతోందా చూసుకుంటే పనికొస్తుంది. వెనక్కి తిప్పి చూడండి, స్టిల్ ఫొటోగ్రాఫరు ముద్ర ఉంటే ఇంకా మంచిది.

డబ్బింగ్ కళాకారుల పరిస్థితి అన్నిటికన్నా అన్యాయం. పెద్ద పెద్ద హీరోయిన్లకి గొంతు ఇచ్చినవాళ్ల పేర్లు చాలా సినిమాల్లో టైటిల్స్‌లో పడనే లేదు. వాళ్లకి మూడో గడి నింపాలంటే యూనియన్ కార్డు, పేమెంటు చీటీలు, ఆనాటి పత్రికలో వచ్చిన చిన్న వార్త, ఇవే దిక్కు. అందుకే నేను వాళ్లకి గట్టిగా చెబుతుంటాను, ఆ చీటీలు పారేయకండమ్మా అని.

పత్రికల్లో వచ్చిందే వేదం అనుకోవడం కూడా తప్పు. మా రోజుల్లో అంతా శుద్ధంగా ఉండేదని నేను అనను. దానికి మన సినిమా పుట్టినరోజే సాక్ష్యం. 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు అచ్చు వేశారు. ఒకరు రాసింది చూసి ఇంకొకరు, ఆయన్ని చూసి మరొకరు. వంద చోట్ల అచ్చయింది కాబట్టి వంద ఆధారాలున్నట్టు కనిపించింది. అన్నీ ఒకే మాటకి నకళ్లు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వి, ఆ సినిమాకి బొంబాయిలో సెన్సార్ సర్టిఫికెట్ 1932 జనవరి 22న వచ్చిందని, బొంబాయి కృష్ణా సినిమాలో అదే ఏడాది ఫిబ్రవరి 6న విడుదలైందని చూపించారు. సెన్సార్ కాకుండా సినిమా విడుదల కాదు కదా. ఒక్క సర్టిఫికెట్టు, అన్నేళ్ల అచ్చు మాటని పక్కకి నెట్టింది. హెచ్.ఎం. రెడ్డిగారి 'కాళిదాస్' 1931 అక్టోబర్ 31న వచ్చింది. అందులో తమిళంతో పాటు తెలుగూ వినబడుతుంది. పాత తేదీ లెక్కన 'భక్త ప్రహ్లాద' దానికి ముందు, కొత్త తేదీ లెక్కన తర్వాత. ఆ రెండింట్లోనూ, 'ఆలం ఆరా'లోనూ నటించిన ఎల్.వి. ప్రసాద్‌గారి జీవిత విశేషాలు రాసేవాడు వరస మార్చుకోవాలి. ఒక తేదీ కదిలితే దాని మీద నిలబడ్డవన్నీ కదులుతాయి. అందుకే మూడో గడిలో "పత్రికలో వచ్చింది" అని రాస్తే సరిపోదు. ఆ పత్రికకి ఎలా తెలిసిందో కూడా అడగాలి. పని జరిగిన రోజుల్లోనే, వేరే అవసరానికి పుట్టిన కాగితం అన్నిటికన్నా గట్టిది. సెన్సార్ సర్టిఫికెట్, వోచరు, కంటిన్యుటీ పుస్తకం అలాంటివి. వాటిలో ఎవరూ తమ గొప్ప కోసం ఏమీ రాసుకోరు.

అవార్డుల ఏడాది ఇంకో పెద్ద గందరగోళం. అవార్డు ఏ ఏడాదికి ఇచ్చారు, ఏ ఏడాది చేతికొచ్చింది, ఇవి రెండూ వేరు. రామానాయుడుగారి దాదాసాహెబ్ ఫాల్కే 2009 సంవత్సరానికి, ఆయన అందుకున్నది 2010లో. విశ్వనాథ్‌గారిది 2016కి, అందుకున్నది 2017లో. నందుల విషయంలో ఇంకా దూరం పోయింది. 2014, 2015, 2016 సంవత్సరాల నందులు మూడూ కలిపి 2017 నవంబరులో ప్రకటించారు. ఒకే అవార్డుని రెండు ఏళ్ల కింద రెండుసార్లు వేసిన బయోలు నేను చూశాను. రెండు నందులు కాదు, ఒక్కటే. కాగితం మీద "ఏ ఏడాదికి" అని రాసి, పక్కనే "ఎప్పుడు అందుకున్నారు" అని రాసుకుంటే ఈ తప్పు రాదు.

పెద్దాయన కాగితం మొత్తం నాలుగు పేజీలు అయింది. అందులోంచి బ్రోచరుకి వచ్చింది ఇది.

"1970లలో మద్రాసులో క్లాప్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టి, 43 తెలుగు చిత్రాల దర్శకత్వ శాఖలో పనిచేశారు. అందులో 19 చిత్రాలకు కో-డైరెక్టర్. 300 మంది జూనియర్ ఆర్టిస్టులతో ఆరు రాత్రులకు వేసిన జాతర సన్నివేశాన్ని షాట్ల వరస మార్చి నాలుగు రాత్రుల్లో పూర్తి చేయించారు. ఒక చిత్రంలో దర్శకుడి అస్వస్థత వల్ల రెండు రోజుల పాట చిత్రీకరణ నడిపారు. ఆయన దగ్గర అసిస్టెంట్లుగా పనిచేసిన ముగ్గురు తర్వాత దర్శకులయ్యారు. ఆయన కంటిన్యుటీ పుస్తకాలు నేటికీ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి."

ఆ ముగ్గురు దర్శకుల పేర్లు వేయాలా అని కుర్రాడు అడిగాడు. వాళ్లని అడిగి, ఒప్పుకుంటే వేయమన్నాను. ఒకరు ఒప్పుకున్నారు, ఇద్దరి ఫోన్లు కలవలేదు. అందుకని పేర్లు వేయలేదు. పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, పిల్లలు ఏం చేస్తున్నారో, ఇవేవీ వేయలేదు. ఆయన అడగలేదు, సభకీ అవసరం లేదు.

అచ్చుకి పంపేముందు ఆయన ఎదురుగా కూర్చుని ఒక్కో వాక్యం చదివాను. చదివి వినిపించడం మా రోజుల్లో తప్పనిసరి. ఇప్పుడు పీడీఎఫ్ పంపి "ఓకేనా సార్" అంటారు, ఆయన కళ్లద్దాలు వెతుక్కునేలోపు ప్రింటు అయిపోతుంది. "రెండు రోజుల పాట చిత్రీకరణ" దగ్గర ఆపి, "రెండు రోజులంటే మొత్తం పాట అనుకుంటారేమో, మూడో రోజు ఆయన వచ్చారు కదా" అని ఆయనే అన్నారు. "పాట చిత్రీకరణలో మొదటి రెండు రోజులు" అని మార్చాం.

యాంకరు వేదిక మీద చదవడానికి అర నిమిషం మాటలు కావాలన్నాడు కుర్రాడు. కొత్తగా ఏమీ రాయలేదు. అదే కాగితంలోంచి రెండు వరసలు తీసి ఇచ్చాను, 19 సినిమాలు, జాతర. స్క్రీను మీద వేసే ఏవీ కోసం కంటిన్యుటీ పుస్తకంలో రంగుల బొమ్మ ఉన్న పేజీ ఫొటో తీయించాను. నాలుగు పేజీల కాగితాన్ని జిరాక్సు తీసి, టైటిల్ కార్డుల ఫొటోలు, వోచర్ల నకళ్లతో కలిపి, వరస నంబర్లు వేసి ఒక కవర్లో వాళ్ల అమ్మాయికి ఇచ్చాను. రేపు ఇంకో సంఘం వాళ్లు వస్తే ముందు ఇది చదివించమ్మా, వాళ్లు కొత్త సంగతి ఏదైనా చెబితే నాలుగో పేజీ కింద రాయించు, ఎవరు చెప్పారో, ఏ తేదీనో కూడా రాయించు అని చెప్పాను.